గార్డ్‌రైల్ విత్‌డ్రాయల్స్: చెడ్డ ఏడాది తర్వాత ఖర్చు ఎంత తగ్గించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రిటైరయ్యాక దాచుకున్న నిధి నుంచి ఏటా కొంత తీసుకుని బతికేవాళ్ల కోసం ఈ పేజీ. గార్డ్‌రైల్ పద్ధతి అంటే నిధిలో ఏటా తీసే శాతానికి ముందే హద్దులు పెట్టుకుని, అవి దాటినప్పుడు ఖర్చు మార్చుకోవడం. చాలామంది దీని గురించి "చెడ్డ ఏడాది వస్తే పది శాతం తగ్గించుకుంటే చాలట" అన్నంత వరకే విని ఉంటారు. ఆ పది శాతం నిజంగా ఎంత అవుతుందో చూడటమే ఇక్కడ ముఖ్యం. లెక్కలన్నీ కోటి నిధి మీద వేశాను. కరెన్సీ ఏదైనా లెక్క మారదు.

స్థిరంగా తీసుకునే పద్ధతిలో వచ్చిన ఇబ్బంది ఏమిటి?

స్థిర పద్ధతి అంటే మొదటి ఏడాది నిధిలో ఇంత శాతం అని తీసుకుని, ఆ తర్వాత మార్కెట్ వైపు చూడకుండా ఏటా ధరలు పెరిగినంత మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోవడం. 1994లో ఆర్థిక సలహాదారు విలియమ్ బెంగెన్ అమెరికా మార్కెట్ల పాత లెక్కలన్నీ తీసి, మొదటి ఏడాది సుమారు 4 శాతంతో మొదలుపెడితే ఎంత చెడ్డ కాలంలో రిటైరైనా నిధి 30 ఏళ్లు నిలిచిందని చూపించారు. 4 శాతం రూల్‌గా పేరుపడింది అదే.

ఆ లెక్కలో మనిషి మరబొమ్మలా ఉంటాడు. నిధి సగానికి పడిపోయినా అంతే తీస్తాడు, రెండింతలైనా అంతే తీస్తాడు. నిజ జీవితంలో అలా ఎవరూ ఉండరు. పైగా చరిత్రలోని అతి చెడ్డ కాలాన్ని తట్టుకునేలా మొదటి రేటు పెట్టారు కాబట్టి మిగతా కాలాల్లో రిటైరైనవాళ్లు అవసరం లేకపోయినా బిగించుకుని బతికి, చివరికి పెద్ద నిధి మిగిల్చిపోతారు. అవసరమైతే తగ్గించుకుంటానని ముందే ఒప్పుకున్న మనిషి మొదట్లో కాస్త ఎక్కువ తీసుకోవచ్చు. గార్డ్‌రైల్ పద్ధతి మొత్తం ఈ బేరం మీదే నడుస్తుంది.

అసలు నియమాలు ఏమిటి?

ఈ పద్ధతికి అమెరికా ఆర్థిక సలహాదారు జొనాథన్ గైటన్ 2004లో ఒక రూపం ఇచ్చారు. 2006లో విలియమ్ క్లింగర్‌తో కలిసి దానికి మెరుగులు దిద్దారు. ఆ రెండో రూపమే ఇప్పుడు అందరూ వాడుతున్నది. దాన్నంతా ఒకే అంకె నడిపిస్తుంది: ఈ ఏడాది తీయబోయే మొత్తం, ఇప్పుడున్న నిధిలో ఎంత శాతం? దీన్ని ప్రస్తుత రేటు అందాం. మొదటి ఏడాది తీసిన శాతం మొదటి రేటు.

మొదటి నియమం ధరల పెంపు గురించి. మామూలుగా ఏటా ధరలు పెరిగినంత పెంచుకోవచ్చు. అయితే గడిచిన ఏడాది నిధికి నష్టం వచ్చి, పెంచితే ప్రస్తుత రేటు మొదటి రేటును దాటేలా ఉంటే, ఆ ఏడాది పెంపు ఉండదు. వదిలేసిన ఆ పెంపును తర్వాత తిరిగి కలుపుకోవడం కూడా ఉండదు.

రెండోది కింది గార్డ్‌రైల్, అంటే ఖర్చును కిందికి దించే హద్దు. ప్రస్తుత రేటు మొదటి రేటు కంటే ఐదో వంతుకు మించి పెరిగితే, తీసే మొత్తాన్ని 10 శాతం కోయాలి. మొదటి రేటు 5 అయితే హద్దు 6 శాతం. మూడోది దీనికి అద్దంలో బొమ్మ: ప్రస్తుత రేటు ఐదో వంతుకు మించి తగ్గితే, అంటే 4 శాతం కిందికి వస్తే, 10 శాతం పెంచుకోవచ్చు. నాలుగోది డబ్బు ఎక్కణ్ణుంచి తీయాలన్నది. బాగా పెరిగిన షేర్లలో అదనంగా ఉన్న భాగాన్ని అమ్మి నగదుగా ఉంచుకోవడం, మార్కెట్ పడినప్పుడు ముందు ఆ నగదు, తర్వాత బాండ్లు, చివరగా మాత్రమే షేర్లు ముట్టుకోవడం.

హద్దు నిధి విలువ మీద కాకుండా రేటు మీద ఎందుకు?

మార్కెట్ పడటం ఒక్కటే ప్రమాదం కాదు కాబట్టి. షేర్లు ఎక్కడివక్కడే ఉండి ధరలు మాత్రం ఏటా 8 శాతం పెరుగుతున్నాయనుకోండి. నిధి విలువ పెద్దగా తగ్గినట్టు కనిపించదు, కానీ దాని మీద భారం ఏటా పెరుగుతూ ఉంటుంది. రేటులో ఆ పెరుగుదల వెంటనే కనపడుతుంది. అందుకే ఈ పద్ధతిలో మార్కెట్ లాభంలో ఉన్న ఏడాది కూడా కోత పడే వీలుంది. కొత్తగా వాడేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. లాభం వచ్చింది కదా, కోత ఏమిటని గొడవ పడతారు. లాభం ఖర్చును అందుకోలేదు, అంతే.

ఒక ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా చూపిస్తారా?

నిధి 100 లక్షలు. మొదటి రేటు 5 శాతం కాబట్టి మొదటి ఏడాది 5 లక్షలు. హద్దులు 6 శాతం, 4 శాతం. డబ్బు ఏడాది మొదట్లో తీస్తారు, లెక్క ఏడాది చివర్లో చూస్తారు. మొదలుపెట్టిన వెంటనే వరుసగా రెండు చెడ్డ ఏళ్లు వచ్చాయనుకుందాం. నిధికి అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది అప్పుడే.

మొదటి ఏడాది 5 లక్షలు తీశాక 95 మిగిలింది. మార్కెట్ 10 శాతం పడి అది 85.5 అయింది. ధరలు 4 శాతం పెరిగాయి. పెంచితే వచ్చే ఏడాది 5.20 తీయాలి. అది 85.5లో 6.08 శాతం. నష్టం వచ్చిన ఏడాది, రేటూ 5 దాటింది కాబట్టి పెంపు లేదు. 5 లక్షల దగ్గరే ఆగితే రేటు 5.85. హద్దు లోపలే ఉంది, కోత పడలేదు. ఇక్కడ వరుస ముఖ్యం: ముందు పెంపు గురించి తేల్చి, ఆ తర్వాతే హద్దు చూడాలి. తారుమారు చేస్తే అక్కర్లేని కోత పడేది.

రెండో ఏడాది 5 తీశాక 80.5. మార్కెట్ ఇంకో 8 శాతం పడి 74.06 అయింది. ధరలు 5 శాతం పెరిగాయి. మళ్లీ పెంపు లేదు. 5 లక్షలు ఇప్పుడు 6.75 శాతం. హద్దు దాటింది కాబట్టి 10 శాతం కోసి 4.50 లక్షలు. కోశాక కూడా రేటు 6.08 దగ్గరే ఉంది. అయినా ఒక ఏడాదికి ఒకే కోత. హద్దు లోపలికి వచ్చేదాకా కోస్తూ పోకూడదు.

మూడో ఏడాది 4.50 తీశాక 69.56. ఈసారి మార్కెట్ 14 శాతం పెరిగి 79.30 అయింది. ధరలు 5 శాతం పెరిగాయి. లాభం వచ్చిన ఏడాది కనుక పెంపు దొరుకుతుంది: 4.725. రేటు 5.96, లోపలే. నాలుగో ఏడాది 4.725 తీశాక 74.57, మార్కెట్ 11 శాతం పెరిగి 82.78. ధరలు 4 శాతం, పెంపుతో 4.91. రేటు 5.94.

ఇదే కాలంలో స్థిర పద్ధతి వాడినవాళ్లతో పోలిస్తే తీసిన మొత్తాలు (లక్షల్లో) ఇలా ఉంటాయి:

| ఏడాది | స్థిర పద్ధతి | గార్డ్‌రైల్ |
|---|---|---|
| 1 | 5.00 | 5.00 |
| 2 | 5.20 | 5.00 |
| 3 | 5.46 | 4.50 |
| 4 | 5.73 | 4.73 |
| 5 | 5.96 | 4.91 |

అంటే కోత పది శాతమేనా, ఇంకా ఎక్కువా?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇది చదవండి.

ఐదో ఏడాది స్థిర పద్ధతిలో 5.96 లక్షలు, గార్డ్‌రైల్‌లో 4.91. తేడా 17.6 శాతం. కోత ఒక్కసారే పడింది, అదీ పది శాతమే. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వదిలేసిన రెండు పెంపుల నుంచి. 4 శాతం, 5 శాతం పెంపులు పోయాయి, అవి తిరిగి రావు. కోతను అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఎందుకంటే ఆ నెల చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది. పెంపు రాని ఏడాది మాత్రం అంకె మారదు కాబట్టి ఏమీ పోలేదనిపిస్తుంది. కొనగలిగే శక్తి మాత్రం ఆ ఏడాదే 4 శాతం పోయింది.

"కొంచెం తగ్గించుకుంటే చాలు" అనే మాట అందుకే నాకు పూర్తిగా నచ్చదు. రెండే రెండు చెడ్డ ఏళ్లకు దాదాపు ఆరో వంతు పోయింది. ఇంకో కోత పడితే 26 శాతం దాకా వెళుతుంది. ఈ పద్ధతి మంచిదే, కాకపోతే దాని ధర ముందే తెలిసి ఉండాలి.

మరి ఇంత తగ్గించుకుని దక్కిందేమిటి? నిధి ఎంత మిగిలింది?

నాలుగేళ్ల తర్వాత స్థిర పద్ధతివాళ్ల నిధి 80.21 లక్షలు, గార్డ్‌రైల్‌వాళ్లది 82.78. రెండున్నర లక్షల తేడా. ఇది చూసి చాలామంది నిరుత్సాహపడతారు. అన్నాళ్లు బిగించుకుంటే ఇంతేనా అని.

అసలు లాభం నిధి సైజులో కనపడదు, భారంలో కనపడుతుంది. స్థిర పద్ధతివాళ్లు ఐదో ఏడాది నిధిలో 7.43 శాతం లాగుతున్నారు, ఇంకా పాతికేళ్లు మిగిలి ఉండగా. గార్డ్‌రైల్‌వాళ్లు 5.94 శాతం. ఒక కోత వేసి మర్నాడే పాత స్థాయికి వెళ్లిపోతే నిధికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. తగ్గిన స్థాయి ఏళ్ల తరబడి అలాగే నిలవడమే నిధిని కాపాడుతుంది. అందుకే మూల నియమాల్లో వదిలేసిన పెంపును తిరిగి ఇవ్వరు.

మార్కెట్ కోలుకుంటే పాత ఖర్చు తిరిగి వస్తుందా?

తొందరగా రాదు. పై ఉదాహరణలోనే చూడండి. ఐదో ఏడాది తీసేది 4.91 లక్షలు. అది 4 శాతం కావాలంటే నిధి దాదాపు 123 లక్షలకు చేరాలి. ఇప్పుడున్నది 82.78. మరోవైపు కింది హద్దు ఎక్కడుందో లెక్క వేస్తే, 4.91 లక్షలు 6 శాతం అయ్యేది నిధి 81.9 దగ్గర. అంటే పది శాతం పెంపు 40 లక్షల దూరంలో ఉంటే, ఇంకో కోత లక్ష కంటే తక్కువ దూరంలో ఉంది. చెడ్డ ఆరంభం పడినవాళ్లు ఏళ్ల తరబడి ఈ కింది హద్దును రాసుకుంటూనే నడుస్తారు.

దీనికి కొందరు ఒక సవరణ పెట్టుకుంటారు: ప్రస్తుత రేటు మొదటి రేటు దాకా, అంటే 5 శాతానికి దిగినప్పుడు, వదిలేసిన పెంపుల్లో ఒకదాన్ని తిరిగి ఇవ్వడం. మన ఉదాహరణలో నిధి 98 లక్షలు దాటాక అది దొరుకుతుంది. నాకు ఇది సబబుగానే అనిపిస్తుంది. కాకపోతే ఇది మూల నియమాల్లో లేదు కాబట్టి, దీన్ని కలుపుకునేవాళ్లు మొదటి రేటును కాస్త తగ్గించి మొదలుపెట్టాలి.

మొదటి రేటు ఎంత పెట్టుకోవాలి?

గైటన్, క్లింగర్ 2006 పేపర్‌లో షేర్లు కనీసం 65 శాతం ఉన్న పోర్ట్‌ఫోలియోకు 5.2 నుంచి 5.6 శాతం దాకా చెప్పారు. ఆ అంకె చూడగానే ఆశ పుడుతుంది. కానీ అది నిధి సున్నా కాకుండా ఉండే పరీక్షలో పాసైన అంకె. దారిలో ఖర్చు ఎంత కిందికి వెళ్లిందన్నది వేరే ప్రశ్న.

4 శాతంతో పోల్చి చూడండి. కోటి మీద స్థిరంగా 4 శాతం అంటే మొదటి ఏడాది విలువలో ఎప్పుడూ 4 లక్షలు. 5 శాతం గార్డ్‌రైల్‌తో మొదలుపెట్టినవాళ్లు మన చెడ్డ ఉదాహరణలో నాలుగేళ్ల తర్వాత అదే విలువలో 4.12 లక్షల దగ్గర ఉన్నారు. ఇంకా పైనే. మరో కోత పడితే 3.71, అప్పుడు కిందికి వెళ్లిపోతారు. కాబట్టి ఎక్కువ రేటుతో మొదలుపెట్టడం ఉచితంగా వచ్చింది కాదు. మొదటి ఏళ్ల సుఖానికి తర్వాతి ఏళ్లలో కొంత చెల్లిస్తారు. ఆరోగ్యం బాగున్న మొదటి పదేళ్లలో తిరగాలనుకునేవాళ్లకు అది మంచి బేరం కావచ్చు. ఖర్చులో కదలిక లేనివాళ్లకు కాదు.

ఇంత పెద్ద కోత వద్దు, ఏటా చిన్నగా తగ్గించుకునే దారి లేదా?

ఉంది. అమెరికా పెట్టుబడుల సంస్థ వాన్‌గార్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అలాంటిదే. ఏటా నిధిలో ఇంత శాతం అని లెక్క వేస్తారు. కానీ గత ఏడాదితో పోలిస్తే, ధరల పెరుగుదల కలుపుకున్నాక, ఖర్చు 5 శాతం కంటే ఎక్కువ పెరగకూడదు, 2.5 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు. ఈ రెండంకెలను ఎవరికి వారు మార్చుకోవచ్చు.

మన ఉదాహరణలోని ఏళ్లకే దీన్ని పెడితే మొదటి చెడ్డ ఏడాది తర్వాత నిధి 85.5, అందులో 5 శాతం 4.28 లక్షలు. కానీ ధరలతో కలిపి 5.20 కావలసిన ఖర్చును 2.5 శాతమే తగ్గించనిస్తారు కాబట్టి 5.07 తీస్తారు. ఇలా నాలుగేళ్లు నడిపితే ఐదో ఏడాది 5.39 లక్షలు వస్తుంది. స్థిర పద్ధతి కంటే 9.6 శాతమే తక్కువ. గార్డ్‌రైల్‌లో 17.6 పోయిందని గుర్తుంది కదా.

హాయిగానే ఉంది. కానీ నిధి 81.17 లక్షలు, రేటు 6.64. లెక్క ప్రకారం తీయాల్సింది 4.06 మాత్రమే. అంటే కోతలు అయిపోలేదు, మార్కెట్ బాగా పెరగకపోతే ఇంకా చాలా ఏళ్లు ఏటా రెండున్నర శాతం తగ్గుతూనే ఉంటుంది. ఒక్కసారి పెద్దగా తగ్గించుకోవడమా, చిన్నచిన్నగా చాలాకాలమా అన్నదే తేడా. ఇంటి ఖర్చులను ఒక్కసారిగా మార్చలేనివాళ్లకు రెండోది నయం. ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంటే టెన్షన్ పడేవాళ్లకు మొదటిదే నయం, ఎందుకంటే హద్దు దాటని ఏడాది దాని గురించి ఆలోచించక్కర్లేదు.

నాకు పెన్షన్ కూడా వస్తుంది. అప్పుడు ఎంత ప్రభావం?

సగం ఖర్చు పెన్షన్ నుంచి, సగం నిధి నుంచి వస్తుంటే, నిధి వైపు 17.6 శాతం తగ్గినా ఇంటి మొత్తం ఖర్చులో అది 8.8 శాతమే. ధరలతోపాటు పెన్షన్ పెరిగేదైతేనే ఈ లెక్క. పెరగని పెన్షన్ అయితే ధరలు పెరిగే కొద్దీ లోటు నిధి మీదే పడుతుంది. అప్పుడు కోత పడిన ఏడాది రెండు వైపులా దెబ్బ.

పెన్షన్ ఇంకా కొన్నేళ్ల తర్వాత మొదలవుతుంది. మొదట్లో ఎక్కువ తీయాలి. హద్దులు ఎలా పెట్టాలి?

గార్డ్‌రైల్ నియమాలను యథాతథంగా పెడితే దారి తప్పేది ఇక్కడే. ఒకరు 62వ ఏట రిటైరయ్యారు, పెన్షన్ 67వ ఏట. ఏడాది ఖర్చు 6 లక్షలు, పెన్షన్ వచ్చాక అందులో 2.5 లక్షలు దాని నుంచి వస్తాయి. కోటి నిధి మీద మొదట్లో రేటు 6 శాతం, తర్వాత 3.5. మొదటి రేటుగా 6 రాసుకుంటే కింది హద్దు 7.2 అవుతుంది, పెన్షన్ మొదలయ్యేసరికి ఆ హద్దుకు అర్థమే ఉండదు. పైగా పెన్షన్ వచ్చిన ఏడాది రేటు హఠాత్తుగా పడిపోయి, "పెంచుకోవచ్చు" అని తప్పుడు సంకేతం ఇస్తుంది.

దీనికి తేలికైన పరిష్కారం మధ్య ఏళ్ల డబ్బును ముందే విడదీయడం. ఐదేళ్లకు ఏటా 2.5 చొప్పున 12.5 లక్షలు పక్కన డిపాజిట్లలో పెట్టండి. ఈ ఐదేళ్లలో ధరలు పెరిగినంతకు వడ్డీ కాస్త సర్దుతుంది. మిగిలిన 87.5 లక్షల నుంచి తీసేది ఏటా 3.5, అంటే 4 శాతం. హద్దులు 4.8, 3.2. గార్డ్‌రైల్ లెక్క ఈ 87.5 మీదే వేయాలి, పక్కన పెట్టింది అందులో కలపకూడదు.

లెక్కలో ఏయే డబ్బు కలపాలి, ఏది కలపకూడదు?

తీసే మొత్తంలో పన్ను, ఫీజులు కూడా ఉండాలి. చేతికి వచ్చేది 4.5 అయినా, దానికి పన్ను కలిపి 5 అమ్మాల్సి వస్తే రేటు 5 మీదే. నిధిలో ఉంటున్న ఇల్లు కలపకండి, దాన్ని అమ్మే ఉద్దేశం ఉంటే తప్ప. అత్యవసరానికి ఉంచిన నగదును ఒకసారి కలిపి, ఒకసారి వదిలేసేవాళ్లున్నారు. అలా చేస్తే రేటు ఎప్పుడు కావాలంటే అప్పుడు హద్దు లోపలే ఉంటుంది! ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

ఒక్కసారి వచ్చే పెద్ద ఖర్చులు, ఇంటి మరమ్మతు, ఆపరేషన్ లాంటివి, ఏటా తీసే మొత్తంలో కలపకండి. అవి నిధిని తగ్గిస్తాయి, తగ్గిన నిధి మీద రేటు ఎటూ పెరుగుతుంది. రెండు చోట్లా కలిపితే ఒక ఖర్చుకు రెండుసార్లు శిక్ష పడినట్టు.

ఎన్నాళ్లకోసారి చూడాలి?

ఏడాదికోసారి, ఒకే తేదీన. నెలనెలా చూస్తే మధ్యలో హద్దు దాటి మళ్లీ లోపలికి వచ్చిన సందర్భాలకు కూడా కోత పడుతుంది. నియమాలను పరీక్షించినది ఏడాది లెక్క మీదే.

ఈ పద్ధతి ఎప్పుడు బాగా ఇబ్బంది పెడుతుంది?

ఒక్క పెద్ద పతనం కంటే, ధరలు ఎక్కువగా పెరుగుతూ మార్కెట్ ఏళ్ల తరబడి నిద్రపోయే కాలం. అమెరికా చరిత్రలో 1960ల చివర్లో రిటైరైనవాళ్లకు పట్టింది అదే. స్థిర పద్ధతికి కూడా అన్నిటికంటే గడ్డు ఆరంభం ఆ కాలమే. పతనం తర్వాత మార్కెట్ లేస్తే ఒక కోతతో బయటపడవచ్చు. ధరల కాలంలో మాత్రం పెంపు ఇచ్చిన ప్రతిసారీ రేటు మళ్లీ హద్దు దాకా పోతుంది, మళ్లీ కోత. మూడు కోతలు పడితేనే ఖర్చు 73 శాతానికి దిగుతుంది, వదిలేసిన పెంపులు కాక.

ఇలాంటి కాలాల్లో కూడా "నిధి అయిపోలేదు" అని చూపించే లెక్కలుంటాయి. అవి నిజమే. ఖర్చు కోస్తూ పోతే నిధి అయిపోవడం కష్టం. కాబట్టి ఎవరైనా గార్డ్‌రైల్ ప్లాన్‌కు విజయ శాతం 99 అని చూపిస్తే, అన్నిటికంటే చెడ్డ దారిలో ఏడాది ఖర్చు ఎంతకు దిగిందో, అక్కడ ఎన్నేళ్లు ఉందో అడగండి. నిజమైన జవాబు ఆ రెండంకెల్లో ఉంటుంది.

నా ఖర్చులు ఈ కోతను తట్టుకుంటాయో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి ఏడాది తీసే మొత్తంలో నాలుగింట మూడు వంతులతో ఒక బడ్జెట్ రాయండి. 5 లక్షలైతే 3.75తో. అద్దె లేదా ఇంటి ఖర్చు, తిండి, మందులు, బీమా ఇవన్నీ అందులో పడితే ఈ పద్ధతి మీకు సరిపోతుంది. పడకపోతే కోత వచ్చిన ఏడాది నియమాన్ని తప్పడం ఖాయం, కాగితం మీద ఎంత గట్టిగా రాసుకున్నా. అలాంటప్పుడు మొదటి రేటు తగ్గించుకోవాలి, లేదా నిధిలో కొంత పెట్టి జీవితాంతం వచ్చే యాన్యుటీ కొని తప్పనిసరి ఖర్చులు దాని మీదకు మార్చుకోవాలి.

మొదటి కోతలో ఏవి పోతాయో, రెండో కోతలో ఏవి పోతాయో మార్కెట్ బాగున్నప్పుడే ఇంట్లో ఇద్దరూ కూర్చుని పేరుపేరునా రాసిపెట్టుకోవాలి. పడిన రోజు కూర్చుంటే ఆ చర్చ డబ్బు గురించి ఉండదు.

వయసు మళ్లాక కూడా ఇవే హద్దులా?

కాదు. మూల నియమాల్లోనే ప్లాన్ చివరి 15 ఏళ్లలో కోత నియమం ఆగిపోతుంది. ఎందుకంటే మిగిలిన ఏళ్లు తగ్గే కొద్దీ ఎక్కువ శాతం తీయడం సహజం. పదేళ్లే మిగిలితే పది శాతం తీయడంలో ప్రమాదం తక్కువ. చివరి 15 ఏళ్లు ఎప్పుడు మొదలవుతాయో ఎవరికీ తెలియదు కాబట్టి, ప్లాన్‌ను 95 ఏళ్ల దాకా వేసుకుంటే 80 దాటాక కోత నియమం వదిలేయవచ్చు.

మొదటి రేటును మధ్యలో మార్చి కొత్తగా మొదలుపెట్టవచ్చా?

కొన్ని సందర్భాల్లో మార్చాల్సిందే. పెన్షన్ మొదలైనా ఆగినా, దంపతుల్లో ఒకరు పోయి ఖర్చూ ఆదాయమూ మారినా, ఇల్లు అమ్మి పెద్ద మొత్తం నిధిలో చేరినా, పాత హద్దులకు అర్థం ఉండదు. అప్పటి వయసుకు తగిన రేటుతో కొత్త హద్దులు వేసుకోవాలి.

కోత పడబోతోందని మార్చడం మాత్రం వేరే సంగతి. మన ఉదాహరణలో రెండో ఏడాది చివర రేటు 6.75కు చేరినప్పుడు "ఇక నుంచి ఇదే నా మొదటి రేటు" అనుకుంటే, హద్దు 8.1కి జరుగుతుంది, కోత తప్పిపోతుంది. నిధి అయిపోయినవాళ్ల లెక్కలు వెనక్కి తిప్పి చూస్తే ఇలాంటి జరుపుళ్లు రెండు మూడు కనపడతాయి. మార్పుకు కారణం మీ జీవితంలో ఉంటే మార్చండి, మార్కెట్‌లో మాత్రమే ఉంటే హద్దు ఉన్నచోటే ఉంచి కోత వేయండి.